ఏజీఎం నోటీసు ఎలా రాయాలి?

"మన అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్ వార్షిక సర్వసభ్య సమావేశం ఆదివారం ఉదయం 10 గంటలకు సెల్లార్‌లో జరుగును. సభ్యులందరూ తప్పక హాజరు కాగలరు. ఎజెండా: 1. జమాఖర్చులు 2. పెయింటింగ్ 3. మెయింటెనెన్స్ 4. ఇతర విషయములు."

లిఫ్టు పక్కన ఇలాంటి కాగితం చూడని అపార్ట్‌మెంట్ వాసి ఉండరు. దీన్ని చదివిన మనిషికి ఏం తెలిసింది? పెయింటింగ్ గురించి ఏదో మాట్లాడతారు. వేయించాలా వద్దా అనా, ఎవరితో వేయించాలనా, ఎంత ఖర్చవుతుందనా, అందులో తన వాటా ఎంతనా? ఏదీ తెలియదు. వెళ్లకపోతే తనకు ఏం నష్టమో కూడా తెలియదు. అందుకే ఆదివారం పొద్దున ఇంకో పని చూసుకుంటారు. వచ్చిన పదిహేను మందీ తలా ఒక విషయం మనసులో పెట్టుకుని వస్తారు. జమాఖర్చుల మీద మొదలైన మాట పార్కింగ్ మీదికి, అక్కణ్ణుంచి పై ఫ్లాటు బాత్రూమ్ లీకేజీ మీదికి పోతుంది. ఒంటిగంటకు అందరూ అలసిపోయి లేస్తారు. జనం రాకపోవడం, వచ్చినవాళ్లు గొడవపడటం రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ, రెండింటికీ మూలం ఆ నాలుగు లైన్ల కాగితమే.

నోటీసుకు ఉన్న అసలు ప్రయోజనం ఒకటే. ఏ విషయం మీద ఏ నిర్ణయం జరగబోతోందో సభ్యుడికి ముందే తెలియాలి. దాన్ని బట్టి తను రావాలో అక్కర్లేదో అతను తేల్చుకోగలగాలి. తర్వాత ఎవరైనా తీర్మానాన్ని సవాలు చేసినా మొదట అడిగే ప్రశ్న ఇదే: ఈ సంగతి నోటీసులో ఉందా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటాయి. కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి. ఏ చట్టం కింద ఉన్నా సెక్రటరీ ముందుగా తెరవాల్సింది తమ సంఘం బైలాస్ పుస్తకం. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఎలా అందజేయాలి, కోరం ఎంత, ఓటు ఎవరికి, తమ తరఫున ఇంకొకరిని పంపవచ్చా అనేవి అందులో ఉంటాయి. పక్క అపార్ట్‌మెంట్ పద్ధతి మనకు వర్తించదు. పక్క రాష్ట్రం పద్ధతి అసలే వర్తించదు. ముంబైలో సహకార గృహ సంఘంలో ఉన్న మన తెలుగువాళ్లు అక్కడి నమూనా బైలాస్ ప్రకారం 14 పూర్తి రోజుల నోటీసుకు, సెప్టెంబరు 30 లోపు జరిగే ఏజీఎంకు అలవాటుపడి ఉంటారు. అక్కడ సభ్యుడి బదులు ఇంకొకరు వచ్చి కూర్చోవడానికి వీల్లేదు. ఇక్కడ మీ బైలాస్ వేరేగా ఉండవచ్చు.

'పూర్తి రోజులు' అన్న మాట దగ్గర చాలామంది పొరపడతారు. నోటీసు అందిన రోజునూ, సమావేశం జరిగే రోజునూ లెక్కలోకి తీసుకోకూడదు. సమావేశం 27వ తేదీన అయితే, మధ్యలో 13 నుంచి 26 వరకు 14 రోజులు ఉండాలి. అంటే నోటీసు 12వ తేదీకల్లా అందరికీ చేరాలి. 13న పంచితే 13 రోజులే అవుతాయి. నిర్ణయం నచ్చని సభ్యుడికి ఆ ఒక్క రోజు తేడా చాలు. అందుకే మరో నాలుగైదు రోజులు కలుపుకుని ముందుగా ఇవ్వడం మంచిది.

ఇక అసలు పనిలోకి వద్దాం. 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకుందాం. 36 ఫ్లాట్లు వెయ్యి చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్‌లు, 36 ఫ్లాట్లు పదిహేను వందల అడుగుల ట్రిపుల్ బెడ్‌రూమ్‌లు. కట్టి పన్నెండేళ్లయింది. టెర్రస్ మీద పగుళ్లు వచ్చి పై అంతస్తు సీలింగ్‌లు చెమ్మగిల్లుతున్నాయి. బయటి గోడల రంగు పొరలు లేస్తోంది. వాటర్‌ప్రూఫింగ్, పెయింటింగ్ కలిపి చేయించాలని కమిటీ ఆలోచన. మూడు కొటేషన్లు వచ్చాయి: 19 లక్షల 80 వేలు, 21 లక్షల 60 వేలు, 24 లక్షల 30 వేలు. కమిటీ మధ్యదాన్ని సిఫారసు చేస్తోంది. కార్పస్ ఫండ్ నుంచి 9 లక్షలు తీయవచ్చు. మిగిలిన 12 లక్షల 60 వేలు ఓనర్లు వేసుకోవాలి.

దీన్ని ఎజెండాలో "పెయింటింగ్ గురించి చర్చ" అని రాస్తే మీటింగులో మొదటి అరగంట 'ఎంత, ఎందుకు, ఎవరు' అన్న ప్రశ్నలకే పోతుంది. రాయాల్సింది తీర్మానమే. సభ ఆమోదిస్తే మినిట్స్‌లోకి యథాతథంగా ఎక్కించగలిగే వాక్యాలుగా ఉండాలి:

"టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, బయటి గోడల పెయింటింగ్ పనిని రెండో కొటేషన్ ఇచ్చిన కాంట్రాక్టరుకు పన్నులతో కలిపి రూ. 21,60,000 మించకుండా అప్పగించడానికి, అందులో రూ. 9,00,000 కార్పస్ ఫండ్ నుంచి వాడటానికి, మిగతా రూ. 12,60,000 సభ్యుల నుంచి రెండు వాయిదాలలో వసూలు చేయడానికి ఈ సభ ఆమోదిస్తోంది. వాటా పద్ధతి: (అ) ఫ్లాటుకు సమానంగా రూ. 17,500, లేదా (ఆ) చదరపు అడుగుకు రూ. 14 చొప్పున, అంటే డబుల్ బెడ్‌రూమ్‌కు రూ. 14,000, ట్రిపుల్ బెడ్‌రూమ్‌కు రూ. 21,000. సభ ఒకదాన్ని ఎంచుకోవాలి."

ఈ వాక్యాలు చదివాక ఎవరైనా ఇంట్లో ఊరికే కూర్చుంటారా? ఒక్కో ఇంటికి ఎంత భారమో అందులో ఉంది. డబుల్ బెడ్‌రూమ్ ఓనరుకు, ట్రిపుల్ బెడ్‌రూమ్ ఓనరుకు మధ్య మూడున్నర వేల తేడా అటూ ఇటూ ఉంది. రమ్మని ఎంత బతిమాలినా రాని మనిషి ఈ అంకెను చూసి వస్తాడు. రావాలి కూడా, ఎందుకంటే అది అతని డబ్బు.

వాటా పద్ధతులు రెండూ నోటీసులోనే పెట్టడానికి ఇంకో బలమైన కారణం ఉంది. సభలో సవరణ ప్రతిపాదించే హక్కు సభ్యుడికి ఉంటుంది, కానీ ఆ సవరణ నోటీసు పరిధి దాటకూడదు. నోటీసులో 17,500 మాత్రమే చూసి, "సరేలే, కట్టేద్దాం" అనుకుని అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండిపోయిన ట్రిపుల్ బెడ్‌రూమ్ ఓనరు మీద సభలో ఎవరో లేచి చెప్పిన మాటతో 21,000 వేస్తే, "నాకు చెప్పలేదు" అనడానికి అతనికి న్యాయమైన కారణం దొరుకుతుంది. మొత్తం ఖర్చును అప్పటికప్పుడు 30 లక్షలకు పెంచినా అంతే. తగ్గించడం, వాయిదాల గడువు మార్చడం, ఉన్న రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవడం వంటివి పరిధిలోనే ఉంటాయి. ఏ విషయం మీద రెండు వర్గాలున్నాయో కమిటీకి ముందే తెలుసు. రెండు మాటలనూ లెక్కలతో సహా కాగితం మీద పెట్టేస్తే, తమ మాట దాచారన్న కోపంతో ఎవరూ సభలోకి రారు.

నోటీసుకు జత చేయాల్సినవి ఎక్కువ ఉండకూడదు. ఒక పేజీలో ఏడాది జమాఖర్చుల సారాంశం, ఒక పేజీలో కొటేషన్ల పోలిక, పోయినేడు మినిట్స్. అంతే. కొటేషన్ల పోలికలో ధర పక్కన పనిలో తేడా కనపడాలి: పగుళ్లు తెరిచి పూడుస్తారా, పైపైన పూత పూస్తారా, ఎన్ని కోట్లు, ఎన్నేళ్ల గ్యారంటీ, టెర్రస్ మీద నీళ్లు నిలిపి పరీక్షించి చూపిస్తారా. తక్కువ ధరదాన్ని ఎందుకు వదిలేశారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి జవాబు ఈ పేజీలోనే ఉండాలి.

సమావేశానికి నాలుగైదు వారాల ముందు ఇంకో చిన్న కాగితం వెళ్లాలి. "ఏజీఎం ఫలానా ఆదివారం. ఎజెండాలో చేర్చాల్సిన ప్రతిపాదనలు ఉంటే ఫలానా తేదీలోగా రాసి సంతకంతో ఇవ్వండి" అని. చాలా సంఘాలు ఈ మెట్టు వదిలేస్తాయి. సభ్యుడికి ఎజెండాలోకి వచ్చే దారి ముందే ఇవ్వకపోతే, అతను సభలోనే ఆ దారి వెతుక్కుంటాడు. తేదీ కూడా ఆ కాగితంతోనే స్థిరపడుతుంది. తేదీ ఎంచుకునేటప్పుడు శ్రావణమాసం పూజలు, పెళ్లి ముహూర్తాలు, వినాయక నిమజ్జనం, పిల్లల పరీక్షలు, ఊళ్లకు వెళ్లే మూడు రోజుల సెలవులు చూసుకోవాలి. ఆదివారం పదిన్నర చాలా ఇళ్లకు వీలుగా ఉంటుంది. టిఫిన్లు అయిపోతాయి, మధ్యాహ్నం చేతిలో ఉంటుంది.

ముగిసే సమయం కూడా నోటీసులో రాయండి. మొదలయ్యే సమయం అందరూ రాస్తారు. ముగిసేది ఎవరూ రాయరు. ఎప్పుడు తేలుతుందో తెలియని మీటింగుకు చంటిపిల్లల తల్లి గానీ, డయాలసిస్‌కు వెళ్లాల్సిన పెద్దాయన గానీ ఎలా వస్తారు? మన అపార్ట్‌మెంట్ ఎజెండా సమయాలతో ఇలా ఉండవచ్చు:

10:00 – హాజరు సంతకాలు, ఓటు కార్డులు
10:30 – కోరం ప్రకటన, పోయినేడు మినిట్స్ ఆమోదం (5 నిమిషాలు)
10:35 – ఏడాది పనుల నివేదిక (10)
10:45 – ఆడిట్ అయిన లెక్కల ఆమోదం (25)
11:10 – వాటర్‌ప్రూఫింగ్, పెయింటింగ్ తీర్మానం (35)
11:45 – వచ్చే ఏడాది బడ్జెట్; మెయింటెనెన్స్ అడుగుకు రూ. 2.50 నుంచి రూ. 2.75 (20)
12:05 – ఆడిటర్ నియామకం (5)
12:10 – సభ్యుల మాట. నిర్ణయాలు ఉండవు (20)
12:30 – ముగింపు, భోజనాలు

పెద్ద విషయం మధ్యలో ఉండటం కావాలని చేసినదే. మొదట్లో పెడితే ఆలస్యంగా వచ్చేవాళ్లు ఉండరు, చివర్లో పెడితే సగం మంది లేచిపోతారు. పైగా కార్పస్ ఫండ్‌లో ఎంత ఉందో లెక్కల్లో చూశాకే అందులోంచి 9 లక్షలు తీయడం గురించి మాట్లాడటం సబబు. కమిటీ ఎన్నికలు కూడా ఉన్న ఏడాది నామినేషన్లు ముందే తీసుకుని, పోటీలో లేని ఒకరిని ఎన్నికల అధికారిగా పెట్టి, ఓట్లు వేయడాన్ని వేరే బల్ల దగ్గర జరపాలి. లేకపోతే ప్రతి ఖర్చు మీద చర్చా ఎన్నికల ప్రసంగంగా మారిపోతుంది.

సమయం నిజంగా జారిపోయేది లెక్కల దగ్గర. డీజిల్‌కు ఇంత ఎందుకైంది, నీళ్ల ట్యాంకర్ల బిల్లు మార్చిలో ఎందుకు పెరిగింది, లిఫ్టు మరమ్మతు రెండుసార్లు ఎందుకు? ఇవి అడగాల్సిన ప్రశ్నలే. అయితే మైకులో అడిగితే ట్రెజరర్ దగ్గర ఆ వోచర్ అప్పటికప్పుడు దొరకదు. దొరకకపోవడమే అనుమానంగా మారుతుంది. దీనికి మంచి మార్గం, సమావేశానికి ముందు వారంలో రెండు సాయంత్రాలు ఆరు నుంచి ఎనిమిది వరకు ట్రెజరర్ వోచర్ల ఫైళ్లతో క్లబ్ హౌస్‌లో కూర్చోవడం. ఆ తేదీలు నోటీసులోనే ఉండాలి. అడగాలనుకున్నవాళ్లు వచ్చి బిల్లు చూసుకుంటారు. రాలేనివాళ్లు ప్రశ్నను రాసి పంపితే, జవాబులన్నీ ఒక పేజీలో అచ్చువేసి సభలో పంచవచ్చు. అప్పుడు 25 నిమిషాలు నిజంగా తేలాల్సిన రెండు మూడు సంగతులకు మిగులుతాయి. ఈ రెండు సాయంత్రాలు పెట్టడానికి ట్రెజరర్ ఇష్టపడకపోతే, సమస్య మీటింగుది కాదని సభ్యులు గ్రహించవచ్చు.

"ఇతర విషయములు" అన్న లైను మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తెరిచి ఉంచిన ఆ ఒక్క మాట మీదుగా ఏ నిర్ణయమైనా లోపలికి వచ్చేస్తుంది. కుక్కల మీద జరిమానా, అద్దెకున్న బ్యాచిలర్లను పంపించేయడం, విజిటర్ల పార్కింగ్‌ను ఒకరికి రాసివ్వడం, ఇవన్నీ పన్నెండున్నరకు మిగిలిన పన్నెండు మంది చేతులెత్తి తేల్చేస్తారు. ఎవరి మీద ఆ నిర్ణయం పడుతుందో వాళ్లకు అది చర్చకు వస్తుందనే తెలియదు. దాని బదులు "సభ్యుల మాట" అని పెట్టి, పక్కన "నిర్ణయాలు ఉండవు" అని రాయండి. వచ్చిన సూచనలు రాసుకుని, కమిటీ ఏ తేదీలోగా జవాబిస్తుందో చెబితే చాలు. లీకేజీ, పార్కింగ్ గీత, పక్కింటి శబ్దం లాంటి ఒక ఇంటికి సంబంధించిన ఫిర్యాదులను ముందే ఫిర్యాదుల రిజిస్టరులో రాయించుకోవాలి. వాటి మీద ఏం చేశారో సమావేశం రోజున గోడకు అంటించిన జాబితాలో చూపాలి. తన ఫిర్యాదు ఆ జాబితాలో కనపడిన మనిషికి మైకు అందుకోవాల్సిన అవసరం చాలావరకు తీరుతుంది.

నోటీసు ఎవరి పేరున వెళ్తుంది అన్నది చిన్న విషయం కాదు. మన ఊళ్లలో ఎన్నో ఫ్లాట్లు ఇల్లాలి పేరు మీద రిజిస్టరవుతాయి. సభ్యురాలు ఆమె, మీటింగుకు వచ్చేది ఆయన. కవరు మీద "ఫ్లాట్ నం. 304" అని మాత్రమే రాసి పంపితే ఈ అలవాటు అలాగే సాగుతుంది. ఆమె పేరు రాసి, "ఈ ఫ్లాటు ఓటు మీది. మీరు రాలేకపోతే బైలాస్ ప్రకారం అధికార పత్రం ఇవ్వవచ్చు" అని ఒక వాక్యం కలపండి. అలా అనుమతించే నియమం మీ బైలాస్‌లో ఉంటేనే సుమా. ఇద్దరి పేరున ఉన్న ఫ్లాటుకు ఓటు ఎవరిదో, బకాయి ఉన్నవాళ్లకు ఓటుందో లేదో కూడా నోటీసులోనే నియమం సంఖ్యతో చెప్పాలి. గుమ్మం దగ్గర అందరి ముందూ "మీకు బకాయి ఉంది, ఓటు లేదు" అంటే, ఆ మనిషి అవమానం సభ మొత్తాన్నీ చెడగొడుతుంది. వారం ముందే వాళ్లకు విడిగా తెలిపి కట్టే అవకాశం ఇవ్వాలి.

నోటీసును వాట్సాప్‌లో పెట్టడం గుర్తుచేయడానికే పనికొస్తుంది. అందజేసినట్టు రుజువుకు వాచ్‌మన్ చేత ఇంటింటికీ పంపి పుస్తకంలో తేదీతో సంతకం తీసుకోవాలి. వేరే ఊళ్లో, విదేశాల్లో ఉన్నవాళ్లకు బైలాస్ ఒప్పుకున్న పద్ధతిలో మెయిల్ గానీ రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపాలి. అద్దెకున్నవాళ్ల చేతిలో పెట్టి వదిలేస్తే ఓనరుకు చేరినట్టు కాదు. తెలుగు చదివేవాళ్లు ఎక్కువున్న చోట నోటీసు తెలుగులో కూడా ఉండాలి. సంఘం డబ్బు మీద పెద్దవాళ్లకు ఉండే పట్టింపు చాలామంది కుర్రవాళ్లకు ఉండదు. వాళ్లకు ఇంగ్లీషు కాగితం మాత్రమే ఇస్తే సభకు వచ్చే నమ్మకమైన మనుషుల్ని పోగొట్టుకున్నట్టే.

తర్వాత వాట్సాప్‌లో మూడు గుర్తింపులు చాలు: వారం ముందు, రెండు రోజుల ముందు, ఆ ఉదయం. ఒక్కోదానిలో ఒక్క విషయమే ఉండాలి. "ఆదివారం 11:10కి వాటర్‌ప్రూఫింగ్ మీద ఓటు. మీ వాటా 17,500 సమానంగానా, అడుగుకు 14 చొప్పునా? మీరే తేల్చాలి." ఈ మెసేజ్ కింద చర్చ మొదలైతే, "మీటింగులో మాట్లాడదాం, లేదా ప్రశ్నను రాసివ్వండి" అని సెక్రటరీ ఒకసారి చెప్పి ఆగాలి. గ్రూపులో తెగే దాకా సాగిన వాదన ఆదివారం సభలో రెండోసారి మొదలవుతుంది. మొహాలు అప్పటికే ఎర్రబడి ఉంటాయి. మెసేజ్‌లతో పాటు అంతస్తుకు ఒకరు తలుపు తట్టి "వస్తున్నారా?" అని అడిగితే కోరం సంగతి ముందే తెలుస్తుంది. మూడో వంతు కోరం అయితే మనకు 24 ఫ్లాట్లు కావాలి. శుక్రవారానికి వస్తామన్నవాళ్లు ముప్పై దాటకపోతే శనివారం ఇంకోసారి తిరగాలి. కోరం లేకపోతే అరగంట తర్వాత అదే రోజు వాయిదా సమావేశం జరపడానికి బైలాస్‌లో వీలుంటే, ఆ మాట నోటీసులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇంకో తేదీ చూసుకోవాల్సిందే.

మాట్లాడే పద్ధతి నోటీసు వెనక వైపు నాలుగు వాక్యాల్లో అచ్చవ్వాలి. ప్రతి మాటా అధ్యక్షుణ్ణి ఉద్దేశించే ఉండాలి. ఒకరికి రెండు నిమిషాలు. మాట్లాడాలనుకున్న అందరికీ ఒకసారి వంతు వచ్చాకే రెండోసారి. సవరణ ఉంటే రాసి ఇవ్వాలి, దాన్ని ఇంకొకరు బలపరచాలి. సభలో అప్పటికప్పుడు ఈ నియమాలు చెబితే, తన నోరు నొక్కడానికే పెట్టారని మొదట ఆపించుకున్న మనిషి అనుకుంటాడు. రెండు వారాల ముందు అందరి ఇంటికీ వెళ్లిన నియమానికి ఆ మచ్చ ఉండదు. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు తమ పని మీదే చర్చ జరుగుతున్నప్పుడు, ముఖ్యంగా లెక్కల అంశంలో, కమిటీలో లేని ఒక పెద్దను ఆ కుర్చీలో కూర్చోబెట్టడం మంచి సంప్రదాయం.

ఇప్పుడు 11:10 అయింది అనుకుందాం. 51 ఫ్లాట్ల తరఫున సభ్యులున్నారు. కాంట్రాక్టరును కలిసిన కమిటీ సభ్యుడు ఐదు నిమిషాల్లో పోలిక పేజీ చూపించాడు. పది మంది మాట్లాడారు. 11:35కి అధ్యక్షుడు మొదట వాటా పద్ధతిని ఓటుకు పెడతారు, ఎందుకంటే అది తేలకుండా మొత్తం తీర్మానానికి ఎవరూ నిజాయతీగా ఓటు వేయలేరు. సమానంగా అన్నదానికి 21, అడుగు చొప్పున అన్నదానికి 28, తటస్థం 2. ఆ తర్వాత (ఆ) పద్ధతితో పూర్తి తీర్మానం చదివి ఓటుకు పెడతారు: అనుకూలం 44, వ్యతిరేకం 7. అంకెలు అక్కడే బిగ్గరగా చదువుతారు. "మెజారిటీతో ఆమోదం" అని గాలికి వదిలేసిన మినిట్స్ తర్వాతి ఏడాది గొడవకు విత్తనం వేస్తాయి. ఎజెండాలో తీర్మానం వాక్యాలు ముందే ఉన్నాయి కాబట్టి సెక్రటరీ వాటి కింద ఈ అంకెలు, ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో రాస్తే చాలు. ముసాయిదా మినిట్స్ వారంలోగా అందరికీ పంపి, పొరపాట్లుంటే రాసివ్వమని గడువు పెట్టాలి. కమిటీ జాబితా, ఆమోదం పొందిన లెక్కలు రిజిస్ట్రార్ కార్యాలయంలో చట్టం చెప్పిన గడువులోగా దాఖలు చేయాలి. ఏజీఎం అయిందన్న నిశ్చింతలో చాలా సంఘాలు మరిచిపోయే పని ఇదే. అందుకని దాని తేదీనీ, బాధ్యుడి పేరునూ మినిట్స్ ఆఖరి లైనుగా రాసిపెట్టుకోవాలి.